పెన్షన్ పేరుతో 26 ఏళ్ల పాలసీ: సంతకానికి ముందు వేయాల్సిన లెక్క

ప్రశ్న: నా వయసు 46. కాకినాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో అకౌంట్స్ చూస్తాను. 58కి రిటైర్మెంట్. మా బ్యాంకులో ఒక అధికారి రిటైర్మెంట్ ప్లాన్ అని చెప్పారు. ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కట్టాలి. 12వ ఏడాది చివరి నుంచి 15 ఏళ్లపాటు ఏటా 80,000 ఇస్తారు. ఆఖర్న కట్టిన పది లక్షలూ వాపసు. "గ్యారంటీగా 8 శాతం, పైగా అసలు అసలుగానే ఉంటుంది, అయిదేళ్లు దాటితే ఎప్పుడైనా బయటికి రావచ్చు" అంటున్నారు. 11 లక్షల బీమా కూడా ఉందట. ఈ నెలాఖరులోపు కడితేనే ఈ రేటు అంటున్నారు. తీసుకోమంటారా? తీసుకున్నాక నచ్చకపోతే మధ్యలో ఆపేయొచ్చు కదా?

సమాధానం: ఇప్పుడే సంతకం పెట్టకండి. మీకు చెప్పిన వాటిలో ఏటా 80,000 రావడం, చివర్లో పది లక్షలు తిరిగి రావడం నిజమే కావచ్చు. పాలసీ పత్రంలో రాసి ఉంటే కంపెనీ అవి ఇచ్చి తీరాలి. 8 శాతం అన్నది మాత్రం నిజం కాదు. అయిదేళ్ల మాట సగమే నిజం. ఇక రిటైర్మెంట్ ప్లాన్ అన్న పేరు మరీ పెద్ద మాట. మీకు 58వ ఏట మొదలయ్యే ఈ ఆదాయం 72వ ఏట ఆగిపోతుంది. పెన్షన్ అన్నాక బతికినంతకాలం రావాలి. ఇది కొన్నేళ్లు కట్టించుకుని కొన్నేళ్లు వాయిదాల్లో తిరిగిచ్చే పొదుపు పాలసీ. దీన్ని అలాగే చూసి లెక్క కట్టాలి.

ముందు ఆ 8 శాతం సంగతి చూద్దాం. పది లక్షల మీద 80,000 కాబట్టి 8 శాతం అన్నారు. ఈరోజు పది లక్షలు ఒక్కసారి డిపాజిట్ చేసి, వచ్చే ఏడాది నుంచే 80,000 అందుకుంటే అది 8 శాతమే. ఇక్కడ మీ మొదటి లక్ష పన్నెండేళ్లు కంపెనీ దగ్గరే ఉంటుంది, ఆ కాలమంతా మీ చేతికి ఒక్క రూపాయీ రాదు. పదో లక్ష కూడా మూడేళ్లు ఎదురు చూస్తుంది. ఎదురుచూసిన కాలానికి వడ్డీ ఏదీ? శాతం లెక్కలో ఆ కాలాన్ని వదిలేస్తే వచ్చేదే ఈ 8. "పది కడితే మొత్తం 22 లక్షలు, రెండింతల పైనే" అని చెప్పినా అదే తప్పు, ఎందుకంటే ఆ 22 లక్షలు చేతికందడానికి 26 ఏళ్లు పడుతుంది.

అసలు రాబడి తెలుసుకోవడానికి మీకు అయిదు నిమిషాలు చాలు, రోజూ ఎక్సెల్ చూసేవారు కదా. ఒక నిలువు వరుసలో ఏడాదికో గడి చొప్పున రాయండి. ప్రీమియం ఏడాది మొదట్లో కడతాం, ఆదాయం ఏడాది చివర్లో వస్తుంది. కాబట్టి B1 అంటే ఈరోజు, B2 అంటే ఒక ఏడాది తర్వాత. B1 నుంచి B10 వరకు -100000 పెట్టండి, మైనస్ గుర్తు మరవకండి. B11, B12లో సున్నా వేయండి. ఖాళీగా వదిలేస్తే ఫార్ములా ఆ గడులను అసలు లెక్కలోకే తీసుకోదు, ఫలితం ఎక్కువగా చూపిస్తుంది. B13 నుంచి B26 వరకు 80000, చివరి గడి B27లో ఆదాయం, అసలు కలిపి 1080000. తర్వాత ఏదైనా ఖాళీ గడిలో ఇది టైప్ చేయండి:

```
=IRR(B1:B27)
```

జవాబు దాదాపు 4.65 శాతం వస్తుంది. మీకు చూపించే రంగుల కాగితాల్లో ఎక్కడా కనిపించని అంకె ఇది. ఆ అధికారి తన లాప్‌టాప్‌లో ఇదే ఫార్ములా వేసి ఇంకా ఎక్కువ చూపిస్తే గొడవ పడక్కర్లేదు. మొదటి ఆదాయం ఏ వరుసలో ఉందో ఒకసారి చూడండి. "12వ ఏడాది చివర" అంటే B13. దాన్ని B12లో పెట్టి మొత్తం ఒక గడి పైకి జరిపితే రాబడి పెరిగినట్టు కనిపిస్తుంది.

గ్యారంటీ అన్న మాటకు మరో కోణం ఉంది. 80,000 అన్నది చివరిదాకా 80,000గానే ఉంటుంది. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరుగుతాయనుకుంటే, మీ చేతికి వచ్చే మొదటి 80,000 ఈనాటి 44,500తో సమానం. 72వ ఏట వచ్చే చివరి 80,000 ఈనాటి 22,500. నెలకు రెండువేలు కూడా కాదు! అప్పుడు తిరిగొచ్చే పది లక్షలకూ ఇదే లెక్క వర్తిస్తుంది, ఈనాటి విలువలో దాదాపు 2.8 లక్షలు. గ్యారంటీ అంకెకే గాని దాని కొనుగోలు శక్తికి కాదు.

ఇక ఆ 8 అన్న అంకె ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడండి. బోనస్ ఉండే పాలసీల్లో, మార్కెట్‌తో ముడిపడిన యులిప్‌లలో బీమా కంపెనీలు 4 శాతం, 8 శాతం అని రెండు ఊహల మీద పట్టిక చూపిస్తాయి. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారమే అలా చూపిస్తారు. అవి హామీలు కావని అక్కడే రాసి ఉంటుంది. పైగా ఆ 8 శాతం పెట్టుబడి మీద వచ్చే రాబడికి వేసిన ఊహ. ఖర్చులు పోగా మీకు మిగిలేది అంతకంటే తక్కువే. కౌంటర్ దగ్గర మాత్రం ఆ 8 గ్యారంటీగా మారిపోతుంది. అందుకే మీకిచ్చే కాగితాల్లో బ్రోచర్ పక్కన పెట్టి, మీ పేరు, మీ వయసు, మీ ప్రీమియం వేసి ముద్రించిన బెనిఫిట్ ఇల్లస్ట్రేషన్ అడగండి. అందులో ఏడాదివారీగా గ్యారంటీ మొత్తాల వరుస, గ్యారంటీ లేని మొత్తాల వరుస విడివిడిగా ఉంటాయి. షీట్‌లో గ్యారంటీ వరుసలోని అంకెలే వేయండి. మీ 80,000 అక్కడ 80,000గా కనిపించకపోతే, అందులో కొంత బోనస్ మీద ఆధారపడిందని అర్థం. అప్పుడు రాబడి 4.65 కంటే కూడా తగ్గవచ్చు. ఆ కాగితం మీద 4.5 శాతం జీఎస్టీ అని ఉంటే అది పాత ముద్రణ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు.

"అయిదేళ్లు దాటితే ఎప్పుడైనా" అన్న మాట చాలామందిని ముంచింది. అయిదేళ్ల లాక్ఇన్ అనేది యులిప్‌లకు ఉన్న నిబంధన. అక్కడ అయిదేళ్ల తర్వాత సరెండర్ చేస్తే, అంటే పాలసీ మధ్యలో వదిలేస్తే, ఛార్జీ లేకుండా ఫండ్ విలువ చేతికొస్తుంది. మీకు చూపించింది యులిప్ కాదు. ఇలాంటి పాలసీలో మూడు వేర్వేరు గడువులు కలిసిపోయి ఉంటాయి. కట్టాల్సిన కాలం పదేళ్లు, ఆదాయం మొదలయ్యేది 12వ ఏడాది చివర, పాలసీ ముగిసేది 26 ఏళ్లకు. సంభాషణలో ఎప్పుడూ పదేళ్లన్న మాటే వినిపిస్తుంది, కాగితం మీద పాలసీ కాలం దగ్గర 26 ఉంటుంది. మధ్యలో బయటికి రావడానికి చట్టపరమైన అడ్డేమీ లేదు, ఎంత పోగొట్టుకుని వస్తారన్నదే ప్రశ్న. ఇక్కడ లాక్ఇన్ అంటే ఆ నష్టమే.

సరెండర్ విలువ రెండు రకాలు. మొదటిది గ్యారంటీ సరెండర్ విలువ. దీనికి కనీస శాతాలు నిబంధనల్లోనే ఉన్నాయి. విడతలుగా ప్రీమియం కట్టే పాలసీల్లో, రెండో ఏడాదిలో మానేస్తే కట్టిన ప్రీమియంలో 30 శాతం, మూడో ఏడాదిలో 35, నాలుగు నుంచి ఏడో ఏడాది వరకు 50, చివరి రెండేళ్లలో 90 శాతం. ఈ మధ్యలోని ఏళ్లకు కంపెనీ తన పట్టిక ఇస్తుంది. అప్పటికే మీకు ఆదాయం ఇచ్చి ఉంటే దాన్ని ఇందులోంచి తీసేస్తారు. రెండోది ప్రత్యేక సరెండర్ విలువ. 2024 అక్టోబర్ 1 నుంచి వచ్చిన మార్పు దీన్ని బాగా మెరుగుపరిచింది. అంతకుముందు రెండేళ్ల ప్రీమియం కట్టకుండా మానేస్తే మొత్తం పోయేది. ఇప్పుడు ఒక ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టి, మొదటి పాలసీ ఏడాది పూర్తయితే ప్రత్యేక సరెండర్ విలువ వస్తుంది. ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి.

ప్రత్యేక విలువను ఎలా కడతారో తెలిస్తే మీ ప్లాన్ నైజం తెలుస్తుంది. మీరు మూడు ప్రీమియంలు కట్టి ఆపేశారనుకుందాం. పదింట మూడు కట్టారు కాబట్టి మామూలుగా లాభాలు కూడా పదింట మూడు వంతులకు తగ్గుతాయి. ఏటా 24,000 చొప్పున 15 ఏళ్లు, చివర్లో మూడు లక్షలు. దీన్ని పెయిడప్ అంటారు. ఈ భవిష్యత్తు మొత్తాలు ఈరోజు ఎంతకు సమానమో ఒక వడ్డీ రేటుతో వెనక్కి కడతారు. ఆ రేటు పదేళ్ల ప్రభుత్వ బాండ్ల రాబడి మీద అర శాతం దాటకూడదని నిబంధన. ఉదాహరణకు 7.2 శాతం అనుకుంటే, మూడో ఏడాది చివర మీకు రావాల్సింది దాదాపు 1,84,000. కట్టింది మూడు లక్షలు. ఒక్క ప్రీమియం కట్టి ఏడాది చివర మానేస్తే దాదాపు 53,000, అయిదు కట్టాక మానేస్తే అయిదు లక్షలకు దాదాపు 3,53,000. మరణ ప్రయోజనం విలువ కూడా కలిపితే ఇవి ఇంకొంచెం పెరుగుతాయి, బాండ్ల రాబడి మారితే అటూఇటూ అవుతాయి. తీరు మాత్రం మారదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన అంకె. పది ప్రీమియంలూ కట్టేసి పదో ఏడాది చివర సరెండర్ చేస్తే ఇదే లెక్కన వచ్చేది దాదాపు పది లక్షలు. అంటే పదేళ్లు క్రమం తప్పకుండా కట్టి, మీ డబ్బు మీరు తీసుకున్నట్టు. వడ్డీ సున్నా. అయిదేళ్లు దాటితే ఎప్పుడైనా రావచ్చన్న మాటకు ఇదీ అర్థం. ఇందులో కంపెనీ మోసమేమీ లేదు. మొదటి ఏడాదుల్లో కమీషన్, పాలసీ జారీ ఖర్చులు, బీమా ఖర్చు ముందే తీసుకుంటారు. పైగా 4.65 శాతం ఇచ్చే మొత్తాలను 7 శాతం పైన ఉన్న రేటుతో వెనక్కి కడితే వచ్చేది కట్టినదానికంటే తక్కువే అవుతుంది. వేరే దారి లేదు.

మీ రెండో ప్రశ్న ఇక్కడికే వస్తుంది, నచ్చకపోతే ఆపేయొచ్చా అని. ఆపేయొచ్చు, కానీ ఆపడం అంటే సరెండర్ ఒక్కటే కాదు. మూడు ప్రీమియంలు కట్టాక మీ ముందు మూడు దారులుంటాయి. 1,84,000 తీసుకుని బయటికి రావడం ఒకటి. పెయిడప్‌గా వదిలేయడం రెండోది, దాని విలువను 7.2 శాతంతోనే కట్టారు కాబట్టి ఆ 1,84,000 మీద ఇకనుంచి మీకు వచ్చేది కూడా దాదాపు 7.2 శాతమే. మిగతా ఏడు ప్రీమియంలూ కడుతూ కొనసాగించడం మూడోది. సరెండర్ చేస్తే వచ్చే 1,84,000ను ఆరోజు పెట్టుబడిగా లెక్కేసుకుంటే దాని మీద రాబడి దాదాపు 5.8 శాతం. పోయింది ఎలాగూ పోయింది కాబట్టి ముందుకు చూసే రాబడి 4.65 కంటే పెరిగింది, అయినా పెయిడప్ కంటే తక్కువే. అందుకే ఇలాంటి పాలసీలో ఇరుక్కున్నవాళ్లు కంగారుపడి సరెండర్ ఫారం నింపే ముందు కంపెనీ నుంచి రెండు కాగితాలు రాతపూర్వకంగా అడగాలి. ఈరోజు సరెండర్ విలువ ఎంత, ఈరోజు పెయిడప్ చేస్తే ఏ ఏడాది ఎంత వస్తుంది. రెండూ చేతికొచ్చాక పైన చెప్పిన షీట్‌లోనే, మొదటి గడిలో సరెండర్ విలువను మైనస్‌గా పెట్టి లెక్కేయాలి. పెయిడప్ అయితే బీమా రక్షణ కూడా తగ్గుతుంది. కొన్ని పాలసీల్లో పెయిడప్ లాభాలను వేరే పద్ధతిలో కోస్తారు. ఆ నిబంధన పాలసీ పత్రంలో ఉంటుంది, కాబట్టి పదింట మూడు అన్న నా లెక్కను అలాగే పట్టుకోకుండా పత్రంలోని మాటనే తీసుకోండి.

సరే, అదే లక్షను వేరేచోట పెడితే? పీపీఎఫ్‌నే తీసుకుందాం. 2020 ఏప్రిల్ నుంచి దాని వడ్డీ 7.1 శాతం. పదేళ్లు ఏటా లక్ష కట్టి, ఈ పాలసీలాగే 12వ ఏడాది చివరి నుంచి 15 ఏళ్లపాటు ఏటా 80,000 తీసుకున్నారనుకుందాం. 72వ ఏట మీ ఖాతాలో మిగిలేది పది లక్షలు కాదు, దాదాపు 24 లక్షలు. ప్రభుత్వం వడ్డీ తగ్గించి, మొదటినుంచీ సగటున 6 శాతమే వచ్చిందనుకున్నా దాదాపు 16.9 లక్షలు మిగులుతాయి. దీనికి కొన్ని షరతులున్నాయి. ఖాతా గడువు 15 ఏళ్లు, కాబట్టి పదేళ్ల తర్వాత కూడా ఏటా కనీసం 500 వేస్తూ ఉండాలి. ఏడో ఏడాది నుంచి ఏడాదికి ఒకసారి పరిమితిలో తీసుకోవచ్చు, 80,000 ఆ పరిమితిలోకే వస్తుంది. 15 ఏళ్లు నిండాక కొత్తగా డబ్బు వేయకుండానే ఖాతాను కొనసాగిస్తూ ఏడాదికోసారి తీసుకోవచ్చు. మీకు పీఎఫ్ కోత ఉంటే జీతంలోంచి స్వచ్ఛందంగా ఎక్కువ కోయించుకోవడం ఇంకా సులువు. ఆస్పత్రి హెచ్ఆర్‌ను అడిగితే ఏడాదిలో ఏ నెలలో ఆ మార్పు తీసుకుంటారో చెబుతారు.

పన్ను లేదన్న వాదన కూడా మీకు చెప్పే ఉంటారు. అది నిజమే. ఏడాది ప్రీమియం బీమా మొత్తంలో పదో వంతు దాటకుండా, 2023 ఏప్రిల్ తర్వాత తీసుకున్న ఇలాంటి పాలసీలన్నిటి ప్రీమియం కలిపి ఏడాదికి 5 లక్షలు దాటకుండా ఉంటే వచ్చే డబ్బుపై పన్ను ఉండదు. మీ లక్షకు 11 లక్షల బీమా కాబట్టి సరిపోతుంది. పీపీఎఫ్ మీద కూడా పన్ను లేదు, కాబట్టి ఇది ఈ పాలసీకి అదనపు గొప్పతనం కాదు. బీమా విషయానికొస్తే, 46 ఏళ్ల మీకు 11 లక్షలు అంటే రెండు మూడేళ్ల ఇంటి ఖర్చు. కుటుంబానికి రక్షణ కావాలంటే టర్మ్ పాలసీ విడిగా తీసుకోండి. ఇంత కవర్‌కైతే ఏడాదికి కొన్ని వేలే అవుతుంది. మీకు అసలు కావాల్సింది దీనికి కొన్ని రెట్లు ఎక్కువే.

ఈ రకం పాలసీ ఎవరికీ పనికిరాదని అనను. పాతికేళ్లకు పైగా ఒకే రేటు మీద కట్టుబడి ఉండే హామీని పీపీఎఫ్ కూడా ఇవ్వదు. అక్కడ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. వడ్డీ రేట్లు బాగా పడిపోతాయని గట్టిగా నమ్మేవారు, పీపీఎఫ్ ఏడాది పరిమితి లక్షన్నర నిండినవారు, ఎక్కువ పన్ను శ్లాబులో ఉండి ఈ డబ్బు మళ్లీ అవసరం పడదని తెలిసినవారు ఆలోచించవచ్చు. పన్నెండేళ్లలో ఉద్యోగం మానేసే వయసు, మధ్యలో పిల్లల చదువు, పెళ్లి ఖర్చు ఉన్నవారికి సరిపడదు. పదో ఏడు దాకా కట్టగలమన్న నమ్మకం లేకపోతే అసలు వద్దు. ఇక నిజంగా జీవితాంతం వచ్చే పెన్షన్ కావాలంటే, 58 లేదా 60 నాటికి చేతిలో కూడిన డబ్బులో కొంత పెట్టి అప్పుడు యాన్యుటీ కొనొచ్చు. 60 నిండినవారు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 30 లక్షల దాకా పెట్టొచ్చు. ఇవి అప్పటి రేట్లు చూసి అప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయాలు, 46వ ఏట వాటికి సంతకం పెట్టక్కర్లేదు.

నెలాఖరు గడువు అమ్మేవారి టార్గెట్‌కు ఉంటుంది. గ్యారంటీ పాలసీల రేట్లు అప్పుడప్పుడు మారే మాట నిజమే, కానీ ఆ మార్పు కోసం 26 ఏళ్ల ఒప్పందాన్ని నాలుగు రోజుల్లో తేల్చేయడం తప్పు. బ్యాంకు ఇక్కడ బీమా కంపెనీకి ఏజెంటు మాత్రమే. ఇది డిపాజిట్ కాదు, బ్యాంకు డిపాజిట్లకు ఉండే 5 లక్షల బీమా దీనికి వర్తించదు. లాకర్ కోసం, లోను కోసం పాలసీ తీసుకోవాలని ఒత్తిడి చేస్తే ఆ మాట మెయిల్‌లో రాసివ్వమనండి. రాసివ్వరు.

మీరు ఆ అధికారికి ఒక చిన్న మెయిల్ పంపండి. పాలసీ పూర్తి పేరు, ఆ పాలసీకి ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య యూఐఎన్ ఏమిటి, పాలసీ కాలం ఎన్నేళ్లు, ఆదాయం ఏ వయసులో ఆగిపోతుంది, మూడో, అయిదో, పదో ఏడాది చివర సరెండర్ చేస్తే ఎంత వస్తుంది, మొత్తం రాబడి ఏడాదికి ఎంత శాతం అని అడగండి. చివరి దానికి 8 అని రాతపూర్వకంగా జవాబు వస్తే ఆ మెయిల్ దాచుకోండి. నోటితో చెప్పింది వేరు, మెయిల్‌లో రాసింది వేరు అని తేలితే మీ నిర్ణయం అక్కడితో తేలిపోయినట్టే.

ఒకవేళ తీసుకోవాలనే నిర్ణయించుకుంటే ప్రతిపాదన పత్రం మీరే నింపండి. ఆదాయం, ఆరోగ్యం వివరాలు వాళ్ల చేత నింపించి ఖాళీల దగ్గర సంతకం పెట్టడం తర్వాత క్లెయిమ్‌కే అడ్డు వస్తుంది. మొబైల్ నంబర్, మెయిల్ మీవే ఇవ్వండి. ఏజెంటు నంబరు పెడితే కంపెనీ సందేశాలన్నీ వాళ్లకే వెళ్తాయి. తర్వాత కంపెనీ నుంచి ధృవీకరణ కాల్ వస్తుంది. పక్కన కూర్చున్నవారు "అన్నిటికీ అవునండి అనండి" అంటారు. ఆ కాల్ రికార్డవుతుంది. ఏటా 8 శాతం అని చెప్పారనీ, అయిదేళ్లకు రావచ్చన్నారనీ అక్కడే చెప్పండి. రేపు మీరు ఫిర్యాదు చేస్తే కంపెనీ ముందుగా వినిపించేది ఆ రికార్డింగే.

పాలసీ పత్రం చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు దాన్ని వెనక్కి ఇచ్చే హక్కు మీకుంది, దీన్నే ఫ్రీ లుక్ అంటారు. మెయిల్‌లో వచ్చే ఈ-పాలసీ అయితే ఆ మెయిల్ వచ్చిన తేదీ నుంచి లెక్క, అది స్పామ్‌లో పడి ఉన్నా గడువు ఆగదు. పత్రం తెరవగానే పాలసీ కాలం, ప్రీమియం కట్టే కాలం, గ్యారంటీ ఆదాయం, సరెండర్ పట్టిక అన్నవి మీ దగ్గరున్న ఇల్లస్ట్రేషన్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే బ్యాంకుకు వెళ్లి మాట్లాడుతూ కూర్చోకండి. అక్కడ "మా మేనేజర్ వస్తారు, వచ్చే వారం చూద్దాం" అంటూనే 30 రోజులు గడిపేస్తారు. నేరుగా బీమా కంపెనీకి మెయిల్ రాసి, కారణం ఒక్క వాక్యంలో చెప్పి, రద్దు చేసిన చెక్కు జతచేసి, అందినట్టు నంబర్ తీసుకోండి. ఆ కాలానికి బీమా రక్షణ ఖర్చు, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంప్ డ్యూటీ తీసేసి మిగతాది వెనక్కి ఇవ్వాలి.

గడువు దాటాక మోసం తెలిస్తే దారి పొడవవుతుంది. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. బీమా భరోసా పోర్టల్‌లో గాని, 155255 నంబర్‌కు ఫోన్ చేసి గాని ఐఆర్‌డీఏఐ దగ్గర కూడా నమోదు చేయొచ్చు. నెలలోపు కంపెనీ జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. అక్కడ మీకు పనికొచ్చేది సంతకానికి ముందు పంపిన ఆ మెయిల్, మీ పేరు మీద ముద్రించిన ఇల్లస్ట్రేషన్. అవి లేకుండా వెళ్తే, మీ సంతకం ఉన్న పత్రం ఒక్కటే వాళ్ల ముందుంటుంది.